గడ్డ తీసేశాక వచ్చే పాథాలజీ రిపోర్టును చదవడం: ఒక రొమ్ము క్యాన్సర్ రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి వరుస దాకా

గడ్డను తీసేసిన ఆపరేషన్ తర్వాత చేతికొచ్చే పాథాలజీ రిపోర్టు సాధారణంగా రెండు మూడు పేజీలకు మించదు. చాలామంది అందులో నేరుగా "ఫైనల్ డయాగ్నోసిస్" అన్న చోటికి వెళ్లి, "క్లోజ్ మార్జిన్" అనో, "గ్రేడ్ 2" అనో, "నోడ్ పాజిటివ్" అనో ఒక్క మాట పట్టుకుని, డాక్టరును కలిసేదాకా దానితోనే మథనపడతారు. ఈ రిపోర్టులు రాయడమే నా వృత్తి. మేం రాసే ఆ మాటల్లో ప్రతిదీ ఒక కొలత నుంచో, ఒక లెక్క నుంచో పుడుతుంది. ఆ కొలత అదే రిపోర్టులో మరో చోట రాసి ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే మాటకు అసలు అర్థం తెలుస్తుంది. ఆ పద్ధతిని ఇక్కడ ఒక రొమ్ము క్యాన్సర్ రిపోర్టుతో వివరిస్తాను. రొమ్మును ఉంచి గడ్డను మాత్రమే తీసిన ఆపరేషన్‌లో మార్జిన్లు, గ్రేడు, లింఫ్ గ్రంథులు మూడూ ముఖ్యమైనవే కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. పద్ధతి ఏ అవయవానికైనా ఇదే. అంకెలు మాత్రం అవయవాన్ని బట్టి మారతాయి కనుక, ఇక్కడి అంకెలను పేగు రిపోర్టుకో నోటి క్యాన్సర్ రిపోర్టుకో అన్వయించుకోకూడదు.

ఉదాహరణ కోసం నేను కూర్చిన రిపోర్టు ఇది. రోగి 52 ఏళ్ల స్త్రీ. ఎడమ రొమ్ములో, పైభాగాన బయటివైపు గడ్డ ఉంది. ముందు చేసిన సూది బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది, గ్రేడ్ 1 అని రాశారు. తర్వాత సర్జన్ గడ్డను తీసి, కింది అంచు నుంచి అదనంగా ఒక ముక్కను, చంకలో నుంచి మూడు సెంటినెల్ గ్రంథులను కూడా తీసి పంపారు.

మొదట: ఏమేం పంపారో చూడండి

పేరు, వయసు, రొమ్ము ఎడమదా కుడిదా అన్నవి సరిపోయాయో లేదో ముందుగా చూడాలి. ఆ తర్వాత "స్పెసిమెన్" అన్న శీర్షిక కింద ఎన్ని డబ్బాలు వచ్చినట్టు రాశారో చూడాలి. మన రిపోర్టులో మూడున్నాయి: ఎ అంటే గడ్డ ఉన్న ముక్క, బి అంటే కింది అంచు నుంచి తీసిన అదనపు ముక్క, సి అంటే సెంటినెల్ గ్రంథులు. ఈ అక్షరాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రిపోర్టులో తర్వాత వచ్చే ప్రతి వాక్యమూ వీటిలో ఏదో ఒక డబ్బాకు సంబంధించినదే. మార్జిన్ల విషయంలో జనం పడే గందరగోళంలో చాలా భాగం, ఎ గురించిన వాక్యాన్ని మొత్తం ఆపరేషన్ గురించిన వాక్యంగా చదవడం వల్లే వస్తుంది.

రెండో అడుగు: "గ్రాస్" భాగాన్ని దాటవేయకండి

కంటితో చూసి రాసే ఈ భాగం కొలతలతో, రంగుల పేర్లతో నిండి ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. అయితే మార్జిన్ అంటే ఏమిటో అర్థమయ్యేది ఇక్కడే.

సర్జన్ ముక్కను పంపేటప్పుడు దానికి దారాలు కట్టి పంపుతారు. ఉదాహరణకు పొట్టి దారం పైవైపును, పొడవు దారం బయటివైపును సూచిస్తుంది. మా బల్ల మీదికి వచ్చాక ఆ దారాలను చూసి ముక్కను శరీరంలో ఉన్న తీరుగా నిలబెట్టి, ఆరు వైపులకూ వేర్వేరు రంగుల సిరా పూస్తాం. సిరా ఆరాక ముక్కను రొట్టె ముక్కల్లా పలచగా కోసి, గడ్డ ఏ రంగుకు దగ్గరగా ఉందో కొలబద్దతో చూసి, ఆ చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి మైనంలో దిమ్మలుగా పోస్తాం. ఆ దిమ్మల నుంచి కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పొరలను కోసి గాజు స్లైడు మీద పరుస్తాం. సూక్ష్మదర్శినిలో సిరా ఒక రంగు గీతలా కనిపిస్తుంది. ఆ గీతకూ క్యాన్సర్ కణాలకూ మధ్య ఎంత దూరం ఉందన్నదే మార్జిన్ కొలత.

దీన్ని బట్టి ఒక పరిమితి కూడా అర్థమవుతుంది. మేం మొత్తం అంచును చూడం, అనుమానం ఎక్కువగా ఉన్న చోట్ల నుంచి తీసిన పొరలనే చూస్తాం. అందుకే "మార్జిన్ నెగటివ్" అన్న మాటకు, చూసిన పొరల్లో అంచు దగ్గర క్యాన్సర్ లేదని అర్థం. లోపల మిగిలిన రొమ్ములో ఒక్క కణం కూడా లేదన్న హామీ అది కాదు. గడ్డను మాత్రమే తీసిన తర్వాత చాలామందికి రేడియేషన్ ఇవ్వడానికి ఇది ఒక కారణం.

మన రిపోర్టులో గ్రాస్ భాగం ఇలా ఉంది: ముక్క 75 × 60 × 35 మి.మీ., దారాలతో దిశలు గుర్తించారు, లోపల 22 మి.మీ. గట్టి గడ్డ ఉంది. దారాలు లేకుండా వచ్చినా, ముక్కలుముక్కలుగా వచ్చినా ఆ సంగతి ఇక్కడే రాస్తారు. అలా రాసి ఉంటే తర్వాత చెప్పే మార్జిన్ దూరాలను అంత నమ్మకంగా తీసుకోవడానికి వీలుండదు.

మూడో అడుగు: గడ్డ రకం, పరిమాణం

మైక్రోస్కోపీ భాగంలో "ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, 19 మి.మీ., దానితో పాటు డీసీఐఎస్" అని ఉంది. ఇన్వేసివ్ అంటే పాల నాళాల గోడ దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి పాకిన భాగం. డీసీఐఎస్ అంటే ఇంకా నాళం లోపలే ఉన్న భాగం.

కంటితో 22 ఉన్నది సూక్ష్మదర్శినిలో 19 ఎలా అయిందని అడుగుతారు. చేతికి గట్టిగా తగిలిన దాంట్లో కొంత మచ్చ కణజాలం, కొంత డీసీఐఎస్ ఉంటాయి. స్టేజీ లెక్కకు ఇన్వేసివ్ భాగం కొలతే తీసుకుంటారు. ఇక్కడ ఆ తేడా చిన్నది కాదు. 20 మి.మీ. వరకు టీ1, అది దాటి 50 వరకు టీ2. సూక్ష్మదర్శిని కొలత 19 కాబట్టి ఈమెది టీ1 కిందికి వస్తుంది, అందులోనూ 10 దాటి 20 లోపు కాబట్టి రిపోర్టులో `pT1c` అని రాస్తారు.

నాలుగో అడుగు: మార్జిన్లు

రిపోర్టు చదివేవారిని అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టేది ఈ భాగమే. మార్జిన్ గురించిన ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలతో చదవాలి. అంచుకు దగ్గరగా ఉన్నది ఏమిటి, ఇన్వేసివ్ క్యాన్సరా, డీసీఐఎస్సా? ఏ వైపు అంచు? ఆ అంచు అవతల నుంచి ఇంకో ముక్క తీశారా, అసలు తీయడానికి అక్కడ కణజాలం ఉందా?

మన రిపోర్టులో ఎ ముక్క గురించి ఇలా ఉంది: ఇన్వేసివ్ క్యాన్సర్ అన్ని అంచులకూ దూరంగానే ఉంది, అన్నిటికంటే దగ్గరిది ఛాతీ కండరం వైపున్న లోపలి అంచు, 3 మి.మీ. దూరంలో. కింది అంచుకు 4 మి.మీ. డీసీఐఎస్ మాత్రం కింది అంచుకు 1 మి.మీ. దూరంలో ఉంది, కాబట్టి "క్లోజ్" అని రాశారు. ఆమె ఇంటికి తీసుకెళ్లేది ఈ ఒక్క "క్లోజ్" అన్న మాటనే.

ఇప్పుడు కాగితం మీద రాసుకున్న అక్షరాల దగ్గరికి రండి. బి డబ్బాలోని ముక్క సరిగ్గా ఆ కింది అంచు నుంచి తీసిందే. దాని గురించిన వాక్యం రిపోర్టులో నాలుగు వరుసల కింద ఉంది: "మందం 8 మి.మీ., కణితి లేదు." అంటే శరీరంలో ఇప్పుడు ఉన్న అసలు కింది అంచు ఎ ముక్కది కాదు, బి ముక్క బయటి ముఖం. అది శుభ్రంగా ఉంది. సర్జన్ అదనంగా ముక్కలు తీసిన చోట చివరి తీర్పు ఎప్పుడూ ఆ అదనపు ముక్కదే. మంచి రిపోర్టులో "ఫైనల్ మార్జిన్" అని విడిగా ఒక వరుస ఉంటుంది. లేకపోతే, బి ముక్క ఏ అంచుదో, దాని కొత్త ముఖం మీద సిరా పూశారో లేదో డాక్టరును అడగాలి.

బి ముక్క తీయకపోయి ఉంటే ఏమయ్యేదన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా రిపోర్టుల్లో అది ఉండదు. రొమ్మును ఉంచి చేసే ఆపరేషన్‌లో ఇన్వేసివ్ క్యాన్సర్‌కు, తర్వాత మొత్తం రొమ్ముకు రేడియేషన్ ఇచ్చే పక్షంలో, 2014లో వెలువడిన అమెరికన్ సర్జికల్, రేడియేషన్ ఆంకాలజీ సంఘాల మార్గదర్శకం ప్రకారం సిరా గీత మీద కణితి లేకపోతే చాలు, మార్జిన్ నెగటివ్ అనే లెక్క. ఇన్వేసివ్ క్యాన్సర్‌తో పాటు డీసీఐఎస్ ఉన్నప్పుడు కూడా ఇదే లెక్క. ఇన్వేసివ్ భాగం ఏమీ లేని, పూర్తిగా డీసీఐఎస్ మాత్రమే ఉన్న గడ్డలకు 2016లో వచ్చిన మార్గదర్శకం 2 మి.మీ. అడుగుతుంది. అంటే ఒకే 1 మి.మీ. దూరం ఒకరికి సరిపోతుంది, ఇంకొకరికి మళ్లీ ఆపరేషన్ గురించి చర్చకు దారి తీస్తుంది. పక్కింటివారి రిపోర్టుతో మన రిపోర్టును పోల్చి చూడవద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

లోపలి అంచు 3 మి.మీ. అన్న దాన్ని గురించి కూడా భయపడతారు. ఆ అంచు అవతల ఛాతీ కండరం మీది పొర ఉంటుంది. సర్జన్ ఆ పొర దాకా తీసి ఉంటే, ఆ వైపు రొమ్ము కణజాలం మిగిలి ఉండదు. అలాగే ముందువైపు అంచు చర్మం కిందే ఉంటుంది. ఈ రెండు వైపులా అంకె చిన్నదిగా ఉన్నా సర్జన్లు తరచూ మళ్లీ ఆపరేషన్ చేయకపోవడానికి కారణం ఇదే. ఏ పొర దాకా తీశారన్నది పాథాలజీ రిపోర్టులో ఉండదు, ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది. కాబట్టి ఆ కాగితాన్ని కూడా దగ్గర పెట్టుకోవాలి.

మార్జిన్ నిజంగానే "పాజిటివ్" అయినప్పుడు, సిరా మీద కణితి ఎంత పొడవున ఉందో చూడాలి. ఒక్కచోట 1 మి.మీ. తాకడం వేరు, నాలుగైదు స్లైడుల్లో వరుసగా తాకడం వేరు. రెండోదానిలో లోపల కణితి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. కొలతను తప్పుదోవ పట్టించే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న ముక్క బల్ల మీద పెట్టగానే తన బరువుకే చదునైపోయి, దూరాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. ముక్కలో చీలిక ఉంటే సిరా అందులోంచి లోపలికి జారి, అంచు కానిదాన్ని అంచులా చూపిస్తుంది. విద్యుత్తుతో కాల్చి కోసిన చోట కణాలు మాడిపోయి, అవి క్యాన్సరో కాదో చెప్పడం కష్టమవుతుంది. ఇలాంటివి ఎదురైతే మేం "కాటరీ ఆర్టిఫ్యాక్ట్" అనో, "ముక్క చీలి ఉంది" అనో రాస్తాం. పాజిటివ్ అన్న మాట పక్కన ఇలాంటి వాక్యం కనిపిస్తే, మళ్లీ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్, పాథాలజిస్టు కలిసి ఆ స్లైడును చూశారా అని అడగడం తప్పు కాదు.

ఐదో అడుగు: గ్రేడు

గ్రేడు, స్టేజీ ఒకటే అనుకునేవారు చాలామంది. గ్రేడు కణాల స్వభావాన్ని చెబుతుంది, స్టేజీ క్యాన్సర్ ఎంత దూరం వెళ్లిందో చెబుతుంది. గ్రేడ్ 3 అని చూసి "మూడో స్టేజీ" అని ఏడ్చిన కుటుంబాలను నేను చూశాను. 10 మి.మీ. గడ్డ, గ్రంథుల్లో ఏమీ లేకుండా, మొదటి స్టేజీలో ఉండి కూడా గ్రేడ్ 3 కావచ్చు.

రొమ్ము క్యాన్సర్‌లో నాటింగ్‌హామ్ పద్ధతిలో మూడు విషయాలకు ఒక్కోదానికి 1 నుంచి 3 వరకు మార్కులు వేస్తాం. కణాలు ఇంకా నాళాల ఆకారంలో అమరుతున్నాయా అన్నది మొదటిది. గడ్డలో 75 శాతానికి పైగా అలా ఉంటే 1, 10 శాతం కంటే తక్కువుంటే 3, మధ్యలో ఉంటే 2. కణ కేంద్రకాలు ఎంత పెద్దగా, ఎంత విడ్డూరంగా ఉన్నాయన్నది రెండోది. విభజన చెందుతున్న కణాలు ఎన్ని కనిపించాయన్నది మూడోది. మొత్తం 3 నుంచి 5 అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 అయితే గ్రేడ్ 2, 8 లేదా 9 అయితే గ్రేడ్ 3.

మన రిపోర్టులో 3, 2, 1 అని ఉంది. మొత్తం 6, కాబట్టి గ్రేడ్ 2. ఇక్కడ మొత్తం కంటే విడి మార్కులు ఎక్కువ చెబుతాయి. విభజనకు 1 రావడమంటే కణాలు నిదానంగానే పెరుగుతున్నాయని సూచన. అదే గ్రేడ్ 2 ఇంకొకరికి 2, 2, 3 గా వచ్చి మొత్తం 7 కావచ్చు, అక్కడ విభజన చురుగ్గా ఉంది. రిపోర్టులో గ్రేడు మాత్రమే రాసి మార్కులు రాయకపోతే, వాటిని అడిగి తెలుసుకోవచ్చు.

బయాప్సీలో గ్రేడ్ 1 అని వచ్చింది కదా, మూడు వారాల్లో ముదిరిందా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ముదరలేదు. సూదితో తీసినది సన్నని పోగు, అందులో నాళాల ఆకారం బాగా కనిపించిన భాగం పడి ఉంటుంది. మొత్తం గడ్డ చూసినప్పుడు మిగతా భాగాల్లో ఆ అమరిక దాదాపు లేదు. ఒక మెట్టు తేడా మామూలే, మొత్తం గడ్డ చూసి ఇచ్చిన గ్రేడునే తీసుకోవాలి. అయితే ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి ఉంటే పరిస్థితి వేరు. మందు తగిలిన కణాల రూపమే మారిపోతుంది కాబట్టి, అప్పుడు బయాప్సీ గ్రేడుకు ఎక్కువ విలువ ఉంటుంది. అలాంటి రిపోర్టుల్లో స్టేజీ అక్షరాల ముందు `y` అని ఉంటుంది.

ఆరో అడుగు: లింఫ్ గ్రంథులు

రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవం ముందుగా చేరే గ్రంథులను సెంటినెల్ గ్రంథులంటారు. రిపోర్టులో వీటిని "1/3" లాంటి భిన్నంగా రాస్తారు: కింది అంకె ఎన్ని గ్రంథులు దొరికాయో, పై అంకె ఎన్నిటిలో క్యాన్సర్ ఉందో చెబుతుంది. సెంటినెల్ గ్రంథులు ఒకటో రెండో మూడో ఉండడం మామూలే. చంకలోని గ్రంథులన్నీ తీసిన ఆపరేషన్‌లో మాత్రం సాధారణంగా పది, అంతకంటే ఎక్కువ దొరకాలని చూస్తాం.

మన రిపోర్టులో 1/3 అని ఉంది, కానీ ఆ ఒక్కదాని పక్కనే కొలత కూడా ఉంది: గ్రంథిలోని క్యాన్సర్ ముద్ద 1.4 మి.మీ. ఈ కొలతే అసలు విషయం. ముద్ద 2 మి.మీ. దాటితే మాక్రోమెటాస్టాసిస్. 0.2 దాటి 2 లోపు ఉంటే మైక్రోమెటాస్టాసిస్. 0.2 కంటే మించని, 200 కణాలు కూడా లేని చిన్న గుంపులను విడి కణాలుగానే లెక్కేస్తారు, అలాంటి గ్రంథిని పాజిటివ్ గ్రంథుల సంఖ్యలో కలపరు. ఈమెది మైక్రోమెటాస్టాసిస్, అందుకే `pN1mi(sn)` అని రాశారు. చివరి రెండక్షరాలు ఈ నిర్ణయం సెంటినెల్ గ్రంథుల మీదే ఆధారపడిందని చెబుతాయి. మాక్రో ముద్దలు ఒకటి నుంచి మూడు చంక గ్రంథుల్లో ఉంటే ఎన్1, నాలుగు నుంచి తొమ్మిదిలో ఉంటే ఎన్2, పది అంతకంటే ఎక్కువైతే ఎన్3.

ఇక్కడ ఈమె ఇంట్లో ఒక అనుమానం వచ్చింది. ఆపరేషన్ జరుగుతున్నప్పుడే ఫ్రోజెన్ సెక్షన్ చేసి "గ్రంథుల్లో ఏమీ లేదు" అని చెప్పారు, ఇప్పుడు ఉందంటున్నారేమిటని. ఫ్రోజెన్‌లో గ్రంథిని అప్పటికప్పుడు గడ్డకట్టించి ఒకటి రెండు పొరలే చూడగలం. తర్వాత అదే గ్రంథిని మైనంలో పోసి మరిన్ని లోతుల్లో పొరలు కోసి చూస్తాం. 1.4 మి.మీ. ముద్ద మొదటి పొరలో లేకుండా లోతు పొరలో బయటపడడం ఎవరి తప్పూ కాదు. చివరి రిపోర్టునే ప్రమాణంగా తీసుకోవాలి.

గ్రంథి పాజిటివ్ అనగానే చంక మొత్తం మళ్లీ తెరవాలా అంటే, అవసరం లేకపోవచ్చు. రొమ్మును ఉంచి ఆపరేషన్ చేసి, రేడియేషన్ ఇచ్చిన స్త్రీలలో ఒకటి రెండు సెంటినెల్ గ్రంథులు పాజిటివ్ అయినా, మిగతా గ్రంథులు తీయని వారు తీసినవారికి దీటుగానే ఉన్నారని Z0011 అనే అధ్యయనం చూపింది. దాని ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. ఆ అధ్యయనంలోకి తీసుకున్నది గడ్డ 50 మి.మీ. లోపు ఉండి, చంకలో గ్రంథులు చేతికి తగలనివారినే. మీ సంగతి ఆ షరతులకు సరిపోతుందా అన్నదే డాక్టరును అడగవలసిన ప్రశ్న. రిపోర్టులో "ఎక్స్‌ట్రానోడల్ ఎక్స్‌టెన్షన్" అన్న మాట ఉందేమో కూడా చూడండి. క్యాన్సర్ గ్రంథి పొరను చీల్చుకుని బయటి కొవ్వులోకి వచ్చిందని దాని అర్థం, చంక చికిత్సను నిర్ణయించేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. మన రిపోర్టులో అది లేదని రాశారు.

చివరి అడుగు: ఇంకా రావలసినవి ఉన్నాయా

ఈమె స్టేజీ వరుస `pT1c pN1mi(sn)`. అందులో ఎం అక్షరం లేదు, ఉండకూడదు కూడా. మిగతా శరీరంలో క్యాన్సర్ ఉందో లేదో మాకు పంపిన ముక్కలను బట్టి చెప్పలేం, అది స్కానులు, పరీక్షలు చూసి చికిత్స చేసే డాక్టరు చెప్పేది.

కింద హార్మోన్ గ్రాహకాల ఫలితాలు, కణాల పెరుగుదలను ప్రేరేపించే హెర్2 అనే ప్రోటీన్ ఫలితం ఉంటాయి. ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం, 1 శాతం కణాల్లో కనిపించినా పాజిటివ్ అనే అంటారు, కానీ 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే "లో పాజిటివ్" అని విడిగా చెబుతారు, కాబట్టి శాతం చూడండి. ఈమెకు ఈఆర్ 90 శాతం. హెర్2 మాత్రం 2+ అని ఉంది. ఇది పాజిటివూ కాదు, నెగటివూ కాదు. ఫిష్ అనే మరో పరీక్ష చేస్తేగానీ తేలదు. ఆ ఫలితం కొన్ని రోజుల తర్వాత "అడెండమ్" అన్న పేరుతో విడి కాగితంగా వస్తుంది. మొదటి రిపోర్టు మాత్రమే పట్టుకుని కీమో గురించి నిర్ణయం తీసుకోవడానికి వెళ్లిన వారిని వెనక్కి పంపవలసి వస్తుంది, కాబట్టి అడెండమ్ వచ్చిందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

రెండో అభిప్రాయం కావాలనుకుంటే రిపోర్టు జిరాక్సు ఒక్కటే సరిపోదు. స్లైడులు, వాటితో పాటు మైనం దిమ్మలు అడిగి తీసుకోవాలి. దిమ్మ ఉంటే రెండో పాథాలజిస్టు కొత్త పొరలు కోసి, గ్రాహకాల పరీక్ష మళ్లీ చేసి చూడగలరు. తీసుకునేటప్పుడు దిమ్మల మీది నంబర్లు రిపోర్టులోని నంబర్లతో సరిపోయాయో చూసుకుని, సంతకం పెట్టి, ఎన్ని తీసుకున్నారో రాయించుకోండి. అవి ఎండ తగలని చల్లని చోట ఉండాలి. వేడికి మైనం కరిగితే ఆ ముక్క మళ్లీ పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు.